స్లైడ్‌లో మాటలు తగ్గించాలి, విషయం పోకూడదు. ఎలా?

> వచ్చే నెల ఒక పైథాన్ కాన్ఫరెన్స్‌లో 20 నిమిషాల టాక్ ఇస్తున్నాను. స్లైడ్స్ చూసినవాళ్లు ‘మాటలు మరీ ఎక్కువయ్యాయి, స్లైడ్‌కి నాలుగైదు చాలు’ అంటున్నారు. తీసేస్తూ పోతే చెప్పాల్సింది కూడా పోతోంది. ఏం ఉంచాలో, ఏం తీసెయ్యాలో ఎలా తేల్చుకోవాలి?

మా దగ్గర జరిగే టెక్ మీటప్‌లో మాట్లాడేవాళ్ల స్లైడ్స్ ముందుగా చూసిపెట్టే పని కొంతకాలంగా నేనే చేస్తున్నాను. మీలాంటి ఇబ్బంది దాదాపు అందరికీ ఒకే చోట వస్తుంది. మాటలు తగ్గించమనగానే వాక్యాల్లోంచి ముందు క్రియలు తీసేస్తారు. తర్వాత అంకెలు, ఆ తర్వాత ‘అయితే’, ‘మాత్రమే’ లాంటివి పోతాయి. చివరికి మిగిలేవి పేర్లు. పేర్లు ఏదీ చెప్పవు, విషయం పోయిందనిపించేది అందుకే.

మీది పైథాన్ టాక్ కాబట్టి ఆ వైపు ఉదాహరణే తీసుకుంటాను. జాంగో మీద మాట్లాడిన ఒక మిత్రుడి స్లైడ్ మొదట సుమారుగా ఇలా ఉండేది:

> ఓఆర్ఎమ్ పర్ఫార్మెన్స్ సమస్యలు
> • ఫారిన్ కీతో ముడిపడ్డ ఆబ్జెక్టులు డిఫాల్ట్‌గా లేజీగా లోడ్ అవుతాయి
> • అందువల్ల లూప్‌లో ప్రతి ఆర్డర్‌కీ `order.customer` కోసం డేటాబేస్‌కి మరో క్వెరీ వెళ్తుంది
> • 100 ఆర్డర్లు చూపించే పేజీకి మొత్తం 101 క్వెరీలు నడుస్తాయి. దీన్నే N+1 సమస్య అంటారు
> • `select_related` వాడితే జాయిన్ ద్వారా ఒకే క్వెరీలో పని అయిపోతుంది
> • అయితే ఇది ఫారిన్ కీ, వన్-టు-వన్‌లకే పనికొస్తుంది. మెనీ-టు-మెనీకి `prefetch_related` వాడాలి

తప్పు ఒక్కటీ లేదు. కానీ ఈ స్లైడ్ తెరమీద పడగానే హాల్లో అందరూ చదవడం మొదలుపెడతారు. మీరు మొదటి పాయింట్ వివరిస్తుండగా వాళ్లు మూడో దాంట్లో ఉంటారు. చదువుతున్నంతసేపు మీ మాట చెవికెక్కదు. చదివేశాక, తెలిసిందే మళ్లీ చెబుతున్నారనిపించి ఫోన్ తీస్తారు.

తగ్గించమంటే అతను తెచ్చిన రెండో వెర్షన్ ఇది: ‘లేజీ లోడింగ్, N+1 సమస్య, `select_related`, `prefetch_related`’. స్లైడ్ ఖాళీగా, అందంగానే ఉంది. జాంగో తెలిసినవాడికి ఇందులో కొత్తేమీ లేదు, తెలియనివాడికి ఏమీ అర్థం కాదు.

ఇక్కడ నేను చేసే పని ఒకటుంది. స్లైడ్‌లోని ప్రతి లైన్ పక్కన అది ఎవరికోసం ఉందో రాస్తాను. హాల్లో కూర్చున్నవాళ్ల కోసమా, మాట్లాడేవాడు మర్చిపోకుండా ఉండటం కోసమా, రేపు పీడీఎఫ్ దింపుకునేవాళ్ల కోసమా? పై ఐదు లైన్లలో మొదటి రెండూ మాట్లాడేవాడి గుర్తు కోసమే ఉన్నాయి. లేజీ లోడింగ్ అంటే ఏమిటన్నది నోటితో చెప్పేది. అవి నోట్స్‌లోకి వెళ్లాలి. మిగిలినదాంట్లో హాలు చూడాల్సినవి మూడు: 101 అనే అంకె, దాన్ని 1 చేసిన మార్పు, ఆ మార్పు ఎక్కడ పనికిరాదు అన్నది.

మొదట కోడ్ ఒక్కటే పెట్టాం:

```python
for order in Order.objects.all()[:100]:
    print(order.customer.name)
```

పైన ‘ఎన్ని క్వెరీలు?’ అన్న రెండు మాటలు. మాట్లాడేవాడు కాసేపు ఆగుతాడు, జనం లెక్కపెడతారు. తర్వాతి స్లైడ్‌లో అదే కోడ్ అక్కడే ఉంటుంది, పైన మాత్రం ‘1 + 100 = 101 క్వెరీలు’ అని మారుతుంది. ఆర్డర్ల జాబితాకి ఒకటి, ప్రతి ఆర్డర్‌కీ కస్టమర్‌ని తేవడానికి ఒక్కొక్కటి అని నోటితో చెబుతాడు. ‘N+1’ అన్న పేరు కూడా అప్పుడే, నోటితోనే. మూడో స్లైడ్‌లో ఒక లైన్ కోడ్:

```python
Order.objects.select_related("customer")[:100]
```

పైన ‘1 క్వెరీ’. నాలుగోది ‘ఒక్కటి తేవాలంటే `select_related`, చాలా తేవాలంటే `prefetch_related`’. ఒక స్లైడ్ నాలుగైంది, అందుకు భయపడొద్దు. ఒక్కో క్లిక్‌కి పట్టే సమయం తగ్గుతుంది కాబట్టి టాక్ నిడివి పెరగదు. ఎన్ని స్లైడ్లు ఉండాలన్న లెక్కలు చాలామంది చెబుతారు, నేను వాటిని పట్టించుకోను.

ఆ నాలుగో స్లైడ్ మీద మా ఇద్దరికీ కాస్త వాదన జరిగింది. ‘మూడోదాంతో కథ అయిపోయింది కదా, ఇది నోటితో చెప్పేస్తా’ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. హాల్లోంచి ‘`select_related` వాడితే క్వెరీలు తగ్గుతాయి’ అన్న ఒక్క మాటే పట్టుకుపోయి, మర్నాడు ఆఫీసులో మెనీ-టు-మెనీ ఫీల్డ్ మీద పెడితే జాంగో ఎర్రరిస్తుంది. అక్కడ ఎర్రర్ వస్తుంది కాబట్టి నష్టం చిన్నదే. ఎర్రర్ రాని సంగతుల్లో పరిమితి వదిలేస్తే జనం తప్పునే నిజమనుకుని తీసుకుపోతారు. నా దృష్టిలో ఎంత కోసినా స్లైడ్ మీద మిగలాల్సినవి మూడు: మీరు తేల్చిన విషయం, దానికి ఆధారమైన అంకె, అది ఎక్కడిదాకా నిజమో చెప్పే షరతు. కారణం, నేపథ్యం, నిర్వచనం, ఉదాహరణలన్నీ నోటికి వదిలెయ్యొచ్చు.

షరతు అడుగున పడిపోతే ఏమవుతుందో కొలంబియా స్పేస్ షటిల్ స్లైడ్‌లో కనిపిస్తుంది. 2003 జనవరిలో షటిల్ పైకి వెళ్తున్నప్పుడు ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకి తగిలింది. షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు నాసాకి స్లైడ్స్ చూపించారు. వాటిలో ఒకదాని శీర్షిక, పరీక్షల డేటా ప్రకారం మన అంచనా భద్రమైన వైపే ఉందన్నట్టుగా ఉంది. కింద పాయింట్లు, వాటికింద ఉపపాయింట్లు. అన్నిటికన్నా అడుగున, చిన్న లైన్‌లో అసలు సంగతి: ఆ ముక్క పరిమాణం సుమారు 1920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడింది 3. అంటే ఆ పరీక్షలు ఈ దెబ్బకి వర్తించేవే కావు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ షటిల్ ముక్కలైంది, కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ప్రమాద విచారణ మండలి తన నివేదికలో ఈ స్లైడ్‌ని ప్రత్యేకంగా విశ్లేషించింది. స్లైడ్ వల్లే ప్రమాదం జరిగిందని ఎవరూ అనరు. కానీ ఆ స్లైడ్‌ని ‘మాటలు తగ్గించు’ అని ఎవరికైనా ఇచ్చి ఉంటే అడుగు లైన్ ముందు పోయేది, శీర్షిక మిగిలేది. మిగలాల్సింది రెండు అంకెలే: 1920, 3.

కోత పూర్తయ్యాక సరిగా వచ్చిందో లేదో చూడ్డానికి, పవర్‌పాయింట్‌లో Outline View తెరిచి శీర్షికలు మాత్రం వరసగా చదవండి. శీర్షికలు శీర్షిక పెట్టెలో కాకుండా మామూలు టెక్స్ట్ బాక్సులో టైప్ చేసి ఉంటే అక్కడ కనిపించవు, అది సరిచేసుకోండి. టాక్ సంగతి తెలియని ఒకరికి ఆ వరస చదివి వినిపించి, ‘ఏం అర్థమైంది?’ అని అడగండి. ‘ఏదో పర్ఫార్మెన్స్ గురించి’ అంటే మీ దగ్గర మిగిలినవి పేర్లే. ‘క్వెరీలు నూటొకటి ఉంటే ఒకటి చేశారు, అన్నిచోట్లా కుదరదట’ అంటే చాలు.

మాటలు తగ్గిన స్లైడ్స్‌తో మొదటి రిహార్సల్ మాత్రం చాలా పేలవంగా వస్తుంది. ఇన్నాళ్లూ గుర్తు చేసిన లైన్లు లేవు కదా. క్లిక్ చేసి, స్లైడ్ చూసి, అప్పుడు ఆలోచించడం మొదలుపెడతారు. అలా జరుగుతోందంటే నోట్స్‌లో పేరాలు రాసుకోవద్దు, టెన్షన్‌లో అవి చదవలేరు. ఒక్కో స్లైడ్‌కి మీ నోట రావాల్సిన మొదటి వాక్యం, తర్వాతి స్లైడ్‌కి దారితీసే చివరి వాక్యం, ఈ రెండే రాయండి. మధ్యది మీకు వచ్చిందే. విండోస్‌లో Alt+F5 నొక్కితే రెండో స్క్రీన్ లేకపోయినా ప్రెజెంటర్ వ్యూ తెరుచుకుంటుంది, ఇంట్లో దానితోనే సాధన చెయ్యండి. వేదిక మీద ఒక్కోసారి తెరమీదున్నదే మీ లాప్‌టాప్‌లోనూ కనిపిస్తుంది, నోట్స్ కనిపించవు. అందుకని ఆ వాక్యాలు ఒక కాగితం మీద కూడా ఉండనివ్వండి.

తెలుగులో శీర్షికలు పెట్టేటట్టయితే ఇంకో సంగతి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల ఎడం మనకి చాలదు, పై లైన్ వత్తులు కింది లైన్ గుడులకి తగులుతాయి. కొంచెం పెంచండి. నిర్వాహకుల లాప్‌టాప్‌లో మీ ఫాంట్ లేకపోతే వేరే ఫాంట్ వచ్చి లైన్లు చెదురుతాయి, ఒక్కోసారి ఉత్త డబ్బాలే కనిపిస్తాయి. పీడీఎఫ్ కూడా వెంట పట్టుకెళ్లండి.

కొన్ని స్లైడ్స్ తగ్గవు, తగ్గించకూడదు. ఎర్రర్ మెసేజ్‌లో ఏముందో చూపించడమే మీ ఉద్దేశమైతే దాన్ని యథాతథంగా పెట్టండి, ముఖ్యమైన లైన్ మాత్రం ముదురుగా ఉంచి మిగతాది బూడిద రంగులోకి మార్చండి. అది పెట్టాక మీరు కాసేపు మౌనంగా ఉండండి, వాళ్లని చదవనివ్వండి. హాల్లో వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్లు ఉంటారని తెలిస్తే క్యాప్షన్లు పెడుతున్నారేమో నిర్వాహకుల్ని అడగండి. లేకపోతే వాళ్లకోసం నోట్స్‌తో ఉన్న కాపీ ముందే ఇవ్వండి.

తీసేసిన లైన్లు పారెయ్యకండి. పీడీఎఫ్ దింపుకునేవాళ్లకి నాలుగు మాటల స్లైడ్స్ ఉపయోగపడవు. ప్రింట్‌లో Notes Pages ఎంచుకుని పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే స్లైడ్ పైన, వివరం కింద వస్తాయి. అయితే పంచే కాపీ నోట్స్‌లో పైన చెప్పిన రెండు వాక్యాలు కాకుండా కోసిన లైన్లు ఉండాలి, కాబట్టి ఫైలు రెండుగా ఉంచుకోండి. ఇంకొన్ని లైన్లు ‘థాంక్యూ’ స్లైడ్ తర్వాత బ్యాకప్‌గా పనికొస్తాయి. మా మిత్రుడికి వచ్చిన మొదటి ప్రశ్న ‘వంద ఆర్డర్లూ ఒకే కస్టమర్‌వైతే కూడా 101 క్వెరీలేనా?’ అని. అవును, ఒక ఆర్డర్ తెచ్చిన కస్టమర్‌ని జాంగో ఇంకో ఆర్డర్‌కి వాడుకోదు. ఆ సంగతి మొదటి స్లైడ్‌లో పెడతానని పట్టుబట్టాడు, బ్యాకప్‌లో పెట్టించాను. ప్రశ్న రాగానే ఆ స్లైడ్ నంబర్ టైప్ చేసి ఎంటర్ కొట్టాడు, నేరుగా అదే తెరుచుకుంది.