ఆర్‌ఓ ట్యాంకు నిండదు, డ్రెయిన్ ధార ఆగదు

"తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన ఆర్‌ఓ కిట్ సింకు కింద నేనే బిగించాను. రాత్రంతా డ్రెయిన్‌లోకి నీరు పోయింది, ట్యాంకు నిండలేదు. మేడ మీది ట్యాంకు సింకుకు ఏడు మీటర్ల ఎత్తులో ఉంది."

మీ బిగింపు సరిగానే ఉన్నట్టుందండీ, చాలనిది ఒత్తిడి. ఏడు మీటర్ల ఎత్తు ఇచ్చేది సుమారు 10 పీఎస్‌ఐ. ఇలాంటి కిట్లకు సాధారణంగా 40 దాకా కావాలి. ఖాళీ ఆర్‌ఓ ట్యాంకులో రబ్బరు సంచి అవతల ఉన్న గాలి ఒత్తిడే 7 ఉంటుంది. దాన్ని నెట్టుకుని నీరు ఎక్కేదెలా? ట్యాంకులో ఒత్తిడి పెరిగితేనే షటాఫ్ వాల్వు లోపలికి వచ్చే నీటిని ఆపుతుంది. అది పెరగదు, ధార ఆగదు.

రుజువు కావాలంటే ట్యాంకుకు వెళ్లే గొట్టం ఊడదీసి గ్లాసులో పెట్టండి. పది నిమిషాలకు గ్లాసు అడుగు మాత్రమే తడిస్తే అనుమానం నిజమే.

కార్బన్ ఫిల్టర్ తర్వాత, మెంబ్రేన్‌కు ముందు ఒత్తిడి పెంచే బూస్టర్ పంపు పెట్టించండి. ట్యాంకు గొట్టం మీద హై ప్రెషర్ స్విచ్ తప్పనిసరి, లేకపోతే ట్యాంకు నిండినా పంపు ఆగదు. అన్నట్టు, డ్రెయిన్ గొట్టంలో ధారను అదుపు చేసే ఫ్లో రెస్ట్రిక్టర్ ఉందా? కొందరు గొట్టం పొడవు తగ్గిస్తూ దాన్నీ కోసి పారేస్తారు. అది లేకుంటే పంపు పెట్టినా నీరంతా డ్రెయిన్ వైపే పోతుంది.