లివర్ గట్టిపడితే ముందు కేబుల్ విప్పండి, ఇంజిన్ కాదు

ప్రశ్న: కొన్నాళ్లుగా నా బైక్ క్లచ్ లివర్ బాగా గట్టిపడింది. పూర్తిగా నొక్కినా గేరులో బండి ముందుకు లాగుతోంది, న్యూట్రల్ పడటం లేదు. క్లచ్ ప్లేట్లు పోయాయి, మార్చాలి అంటున్నాడు మెకానిక్. మార్చేయమంటారా?

ఇప్పుడే వద్దు. లివర్ గట్టిపడటం, బండి లాగడం రెండూ కలిసి వచ్చాయంటే నేను ముందు కేబుల్‌నే అనుమానిస్తాను.

ప్లేట్లు అరిగితే లివర్ గట్టిపడుతుందనే మాట ఎక్కడ పుట్టిందో గానీ చాలామంది నమ్మేస్తున్నారు. లివర్ నొక్కినప్పుడు మన వేళ్లు లాగేది, క్లచ్ ప్లేట్లను అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్‌ను బిగించి ఉంచే స్ప్రింగులకు ఎదురుగా. ప్లేట్లు అరిగితే వాటి దొంతర పలచబడుతుంది, ప్రెషర్ ప్లేట్ ఇంకాస్త లోపలికి జరుగుతుంది, స్ప్రింగుల బిగువు కొద్దిగా తగ్గుతుంది. అంటే లివర్ తేలికపడాలి. అరిగిన క్లచ్ చేసేది జారడం: యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. మీరు చెబుతున్నది దానికి పూర్తిగా ఎదురు. మీ క్లచ్ పట్టు వదలడం లేదు.

మా తమ్ముడి బండికి సరిగ్గా ఇదే జరిగింది. వాడు పాత హ్యాండిల్ తీసేసి ఎత్తు హ్యాండిల్ వేయించుకున్నాడు. కేబుల్ మాత్రం పాతదే, పాత పొడవే. కొంతకాలానికి లివర్ బిగుసుకుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడటం మానేసింది, మొదటి గేరు వేస్తే టప్పున శబ్దం చేసి బండి కదిలిపోయేది. వర్క్‌షాప్‌లో కేబుల్ బిగువు సర్దే అడ్జస్టర్ తిప్పి ప్లే, అంటే లివర్ ఖాళీగా కదిలే కదలిక, మొత్తం తీసేశారు. న్యూట్రల్ పడింది. వాడు సంతోషించాడు. తర్వాత ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ఎక్కడం లేదు, పైగా కాలిన వాసన. మళ్లీ వెళ్తే ఈసారి ప్లేట్లు పోయాయన్నారు. "అక్కా, ప్లేట్ల సెట్ కొనమంటున్నారు, కొనేయనా?" అని వచ్చాడు.

ముందు లివర్ కొసను వేలితో కదిపి చూశాను. ఖాళీ కదలిక అసలు లేదు. చాలా బైకులకు లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వరకు ఖాళీ ఉండాలి, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఆ ఖాళీ లేకపోతే మీరు లివర్ ముట్టకపోయినా కేబుల్ క్లచ్‌ను కొద్దిగా లాగి పట్టుకునే ఉంటుంది. స్ప్రింగులు ప్లేట్లను పూర్తిగా బిగించలేవు. జారుడు, వాసన అక్కడినుంచి వచ్చినవే.

తర్వాత హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పుతూ లివర్ నొక్కి చూశాను. ఒక వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటోంది. క్లచ్ లోపలి స్ప్రింగులకు హ్యాండిల్ ఎటు తిరిగిందో తెలియదు కదా! హ్యాండిల్‌తోపాటు గట్టిదనం మారితే అది కేబుల్ దారిలో ఉన్న లోపమే.

ఇక అసలు పరీక్ష. ఇంజిన్ దగ్గర లాక్ నట్లు వదులు చేసి, కేబుల్ కొసను అది లాగే క్లచ్ ఆర్మ్ నుంచి తప్పించాను. ఇప్పుడు లివర్‌కు ఏ బరువూ లేదు, వేలితో తాకితే చాలు కదలాలి. కానీ ఇంకా పట్టేస్తోంది. అటు ఆర్మ్‌ను చేత్తో తిప్పితే కొద్దిదూరం హాయిగా కదిలి, స్ప్రింగుల బరువు తగలగానే ఆగింది. అంటే ఇంజిన్ వైపు బాగానే ఉంది. ఆర్మ్ షాఫ్ట్ తుప్పు పట్టి ఉంటే ఆ కాస్త కదలికే గరగరలాడేది.

కేబుల్ బయటికి తీస్తే విషయం తేలిపోయింది. హ్యాండిల్ కింద వంపు దగ్గర పై తొడుగు పగిలి లోపలి ఇనుప చుట్టు కనిపిస్తోంది. లివర్ వైపు గుండు పక్కన వైరు పోగులు కొన్ని తెగి విచ్చుకున్నాయి. ఒకే లోపం రెండు బాధలు ఎలా పెట్టిందో చూడండి. పోగులు తొడుగు లోపల గీసుకుంటున్నాయి కాబట్టి చేతికి గట్టిగా తగులుతోంది. నొక్కినప్పుడల్లా పగిలిన తొడుగు నొక్కుకుపోతోంది కాబట్టి లివర్ ప్రయాణంలో కొంత అక్కడే ఖర్చయిపోయి, ఆర్మ్‌కు చాలినంత చేరడం లేదు. ప్రెషర్ ప్లేట్ పూర్తిగా లేవదు, బండి లాగుతుంది.

హ్యాండిల్ ఎత్తుకు సరిపడే పొడవైన కొత్త కేబుల్ వేశాం, వంపులు మెత్తగా తిరిగేలా దారి మార్చాం. ప్లే పెట్టేటప్పుడు లివర్ దగ్గరి అడ్జస్టర్‌ను దాదాపు పూర్తిగా లోపలికి తిప్పేసి, ముందు ఇంజిన్ దగ్గర సర్ది, చివరి కాస్త లివర్ దగ్గర చూసుకోవాలి. లేదంటే పై అడ్జస్టర్ మర కొసకు వచ్చేసి తర్వాత సర్దడానికి చోటుండదు. హ్యాండిల్ రెండు వైపులా తిప్పినప్పుడు కూడా ప్లే మిగిలి ఉండాలి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద పై గేరులో, మధ్యస్థ వేగంలో ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇచ్చి చూశాం. మోతతోపాటే వేగం పెరిగింది, జారుడు లేదు. ప్లేట్లు ముట్టుకోలేదు.

లివర్ గట్టిగా ఉందంటే పైనుంచి నాలుగు చుక్కలు నూనె కొట్టి పంపించేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. నూనె వేయాలంటే కేబుల్ పై కొస విప్పి, నిలువుగా పట్టి, పల్చని నూనె కింది కొసనుంచి కారేదాకా వేయాలి. లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కేబుల్‌కు చిక్కటి గ్రీజు కుక్కితే ఇంకా బిగుస్తుంది. పోగులు తెగిన కేబుల్‌కు నూనె వేసి లాభం లేదు, మార్చాల్సిందే. లివర్ తిరిగే బోల్టు కూడా చూడండి. అది అతిగా బిగిస్తే కేబుల్ కొత్తదైనా లివర్ పట్టేస్తుంది.

ఇంకొకటి గమనించండి. కేబుల్ సాగితే ప్లే పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే తగ్గుతుంది, ఎందుకంటే లోపలికి జరిగిన ప్రెషర్ ప్లేట్ ఆర్మ్‌లో ఉన్న ఖాళీని తినేస్తుంది. కాబట్టి మీ అడ్జస్టర్‌ను ఎప్పుడూ బిగించాల్సి వస్తోందా, వదులు చేయాల్సి వస్తోందా అన్నది గుర్తుపెట్టుకుంటే ఇంజిన్ విప్పకుండానే సగం విషయం తెలుస్తుంది. ఎవరు బాగు చేస్తున్నా ఈ ప్రశ్న అడగాలి, ఎవరూ అడగరు.

కేబుల్ తేలిగ్గా ఆడుతూ, ప్లే సరిగ్గా ఉండి, ఇంజిన్ వేడెక్కాక కూడా లాగితే మాత్రం అప్పుడు క్లచ్ విప్పాలి. చల్లటి ఇంజిన్‌లో నూనె వల్ల ప్లేట్లు అంటుకుని మొదటి గేరుకు కాస్త లాగడం మామూలే, దానికి కంగారు వద్దు. విప్పితే ప్లేట్ల మందం ఒక్కటే చూసి ఆగకండి. స్టీలు ప్లేట్లను అద్దం మీద పరిచి వంకర పోయాయేమో ఫీలర్ గేజ్‌తో చూడమనండి. ప్లేట్ల చెవులు ఆడే బాస్కెట్ గాడుల్లో గుంటలు పడ్డాయేమో కూడా చూడాలి. ఆ గుంటల్లో ప్లేట్లు ఇరుక్కుని విడిపోకుండా ఉంటే కొత్త ప్లేట్లు వేసినా మళ్లీ లాగుతుంది.