“గైడెన్స్ ఇవ్వండి సర్” అంటే గైడ్ ఏమని జవాబివ్వాలి?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరం. మా ఊరి పాల కేంద్రం ప్రతి పూటా లీటర్లు, వెన్న శాతం ఎస్సెమ్మెస్‌గా పంపుతుంది. వాటిని చదివి పది రోజుల బిల్లు సరిచూసే ఆండ్రాయిడ్ యాప్ చేయాలన్నది మా బ్యాచ్ ఆలోచన. ప్రొఫెసర్‌కు ఇలా రాసుకున్నాను: “గౌరవనీయులైన సర్, మేము పాల రైతుల కోసం ఆండ్రాయిడ్ యాప్ చేయాలనుకుంటున్నాము. దయచేసి గైడెన్స్ ఇవ్వగలరు.” పంపడానికి జంకుగా ఉంది. మిగతా బ్యాచ్‌లన్నీ మెషీన్ లెర్నింగ్ తీసుకున్నాయి. నాన్నగారేమో ఇరవై వేలు పెట్టి అమీర్‌పేటలో అలాంటిదే ఒకటి కొనేద్దామంటున్నారు. ఏది మేలు?

జవాబు: ఏటా ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. యాప్ పేరు మారుతుంది, జంకు మారదు. “ఇంత చిన్న పనా?” అని సార్ తీసిపారేస్తారేమోనన్నదే మీ భయం. మీ ఆలోచన చిన్నది కాదు. మీరు రాసిన రెండు వాక్యాలు దాన్ని చిన్నది చేశాయి. పది రోజుల బిల్లు సరిచూడటం అన్న మాట నాకు చెప్పారు, ఆయనకు చెప్పలేదు!

ఆ సందేశం అందుకున్న మనిషి ఏమని జవాబివ్వాలి? “సరే, చేయండి” అనడం తప్ప ఆయనకు దారి లేదు. పైగా చాలామంది గైడ్లు ఆండ్రాయిడ్‌లో రోజూ పనిచేసేవారు కారు. కోట్లిన్ గురించి అడిగితే ఇబ్బంది పడతారు. డేటాబేస్ గురించి అడిగితే కుర్చీ ముందుకు జరుపుకుంటారు. కాబట్టి గైడెన్స్ అడగకండి, ఒక నిర్ణయం అడగండి. అది అడగాలంటే ముందు మీరు కొంత దూరం నడిచి ఉండాలి.

ఎంత దూరమో మీ యాప్‌తోనే చూద్దాం. పాల కేంద్రం గేదె పాలకు వెన్న కిలోకు 750 రూపాయల చొప్పున కట్టిస్తుందనుకోండి (ఇది లెక్క కోసం నేననుకున్న ధర). ఒక పూట 4 లీటర్లు, వెన్న 6.5 శాతం. మీరు నేరుగా గుణిస్తే 195 రూపాయలు వస్తుంది. కానీ లీటరు పాలు కిలో తూగవు, దాదాపు 1.03 కిలోలు తూగుతాయి. అలా మారిస్తే 4.12 కిలోలు, అంటే 200 రూపాయల 85 పైసలు. తేడా పూటకు 5 రూపాయల 85 పైసలు, ఇరవై పూటల బిల్లులో 117 రూపాయలు. మీ కేంద్రం పాలను కొలుస్తుందా, తూస్తుందా? ధర వెన్న మీదే కడుతుందా, వెన్నేతర ఘనపదార్థాలను కూడా కలుపుతుందా? ఇది తెలియకుండా యాప్ కడితే “కేంద్రం మోసం చేస్తోంది” అని రైతుకు తప్పుడు లెక్క చూపించిన పాపం మీదవుతుంది. ఒక ఉదయం అక్కడ నిలబడి చూసి రండి, ధరల పట్టిక ఫోటో తీసుకోండి.

రెండోది ఎస్సెమ్మెస్ చదవడం. ఇక్కడే చాలా బ్యాచ్‌లు ఆలస్యంగా తెలుసుకుని తల పట్టుకుంటాయి. `READ_SMS` అనుమతి అడిగే యాప్‌ల మీద ప్లే స్టోర్ 2019 నుంచి గట్టి ఆంక్షలు అమలు చేస్తోంది. ఫోనులో ప్రధాన మెసేజ్ యాప్‌గా పనిచేసేవాటికి, ముందుగా ఆమోదం పొందిన కొన్ని రకాల యాప్‌లకు మాత్రమే దాన్ని ఇస్తారు. మీ ఫోనులో నేరుగా ఎక్కించుకుని వైవాలో చూపించడానికి అడ్డు రాకపోవచ్చు, స్టోర్‌లో పెట్టాలంటే మాత్రం చిక్కు. రైతు తానే మెసేజ్‌ను ‘షేర్’ నొక్కి మీ యాప్‌కు పంపేలా చేస్తే ఆ అనుమతే అక్కర్లేదు. పూటకు రెండు నొక్కులు ఎక్కువ, అంతే. స్టోర్ ఆశ ఉంటే మరో సంగతి: 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు కనీసం 12 మంది పరీక్షకులు వరుసగా 14 రోజులు యాప్‌ను వాడి చూసే నిబంధన ఉంది. చివరి రివ్యూకు వారం ముందు మొదలుపెట్టే పని కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కేంద్రం ఒక్కోసారి తప్పు అంకె పంపి, గంట తర్వాత సవరించిన మెసేజ్ పంపుతుంది కదా? పాతదాన్ని చెరిపేయాలా, రెండూ ఉంచి కొత్తదాన్నే లెక్కలోకి తీసుకోవాలా? తేదీ, పూట, సభ్యుడి సంఖ్య కలిపి కీ చేస్తే రెండో మెసేజ్‌ను డేటాబేస్ తిప్పికొడుతుంది. ఏ ప్రొఫెసరైనా దీని మీద పది నిమిషాలు మాట్లాడతారు. సందేశం ఇలా ఉండాలి (ఇంగ్లీషులో పంపుకోండి, విషయం ఇదే):

“సర్, మా ఊరి పాల రైతులకు పూటపూటా వచ్చే ఎస్సెమ్మెస్‌ల నుంచి పది రోజుల బిల్లు లెక్కగట్టి, కేంద్రం ఇచ్చిన బిల్లుతో పోల్చే ఆండ్రాయిడ్ యాప్ చేయాలనుకుంటున్నాం. మూడు ఇళ్ల నుంచి రెండు నెలల మెసేజ్‌లు, బిల్లులు వారి అనుమతితో సేకరించాం. లెక్క ఫోనులోనే జరుగుతుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. సవరణ మెసేజ్‌లను ఎలా నిల్వ చేయాలన్న దగ్గర ఆగిపోయాం. రెండు పద్ధతులు ఒక పేజీలో గీశాం. ఈ వారం మీకు వీలైనప్పుడు పది నిమిషాలు ఇస్తే తెచ్చి చూపిస్తాం.”

సేకరించకుండా సేకరించామని మాత్రం రాయకండి. ముందు సేకరించండి, తర్వాత పంపండి.

మెషీన్ లెర్నింగ్ సంగతికి వస్తే, నా అనుమానం దాని మీద కాదు, అది ప్రాజెక్టుగా వస్తున్న తీరు మీద. ఎవరో పోగుచేసిన డేటా దింపుకుంటారు, ఎవరో రాసిన నోట్‌బుక్ నడిపిస్తారు, 98 శాతం కచ్చితత్వమని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. ఒకసారి ఆకు తెగుళ్లను గుర్తించే ప్రాజెక్టు చూశాను. ఫోటోలన్నీ ఒకే బూడిద రంగు నేపథ్యం మీద తీసినవి. పొలంలో తీసిన ఆకు ఒకటి ఇస్తే ఆరోగ్యంగా ఉన్న దానికీ తెగులు పేరు చెప్పింది. “ఈ డేటా ఎక్కడిది?” అన్న ప్రశ్నకు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సొంత డేటా, దాన్ని అనుమానించే ఓపిక ఉన్నవారికి అది మంచి దారే. మీ చేతిలో సొంత డేటా ఇప్పటికే ఉంది, అది పాల మెసేజ్‌ల రూపంలో ఉంది. ఏది మేలని అడిగారు గానీ, మీ విషయంలో అంత పోలిక అవసరం లేదు.

ఇక మీ నాన్నగారితో ఒక మాట. అయ్యా, ఇరవై వేలు మీకు ఎన్ని పూటల పాలో మీకే బాగా తెలుసు. ఆ డబ్బుతో కొన్నది ఇంకెన్ని కాలేజీలకు అమ్ముడైందో మీకు చెప్పరు. వైవాలో “ఈ ఫంక్షన్ ఎందుకు రాశావు?” అని అడిగితే జవాబు చెప్పాల్సింది అమ్మినవారు కాదు, మీ అబ్బాయి. ఇంటర్వ్యూలోనూ అదే ప్రశ్న వస్తుంది. కష్టం తప్పిద్దామని మీరనుకుంటున్నారు, నిజానికి వాడి చేతిలోని ఒకే ఒక్క జవాబును లాగేసుకుంటున్నారు. కొంచెం కటువుగా అన్నానేమో, ఏటా ఇదే చూస్తున్నాను మరి. మీరు చేయగల సాయం వేరే ఉంది: పాత పాల చీటీలు, బిల్లులు అటక మీద నుంచి దింపి ఇవ్వండి, కేంద్రం గుమస్తాకు అబ్బాయిని పరిచయం చేయండి.

సార్ మూడు రోజుల దాకా జవాబివ్వకపోతే కంగారుపడి మళ్లీ మళ్లీ మెసేజ్‌లు పెట్టకండి. ఆయనకు తరగతి లేని గంట చూసుకుని, ఆ ఒక్క పేజీ, ఒక పది రోజుల బిల్లు చేతిలో పట్టుకుని గది దగ్గరకు వెళ్లండి.