ఆకారం సరే, అది ఎక్కడ పడిందో చూశారా?

ప్రశ్న: సార్, కాయిన్ చార్ట్‌ల మీద ఎన్‌గల్ఫింగ్, హామర్, మార్నింగ్ స్టార్ మూడూ చూడగానే గుర్తుపట్టేంత ప్రాక్టీస్ చేశాను. పోయినసారి 4 గంటల చార్ట్‌లో అచ్చం బొమ్మలో ఉన్నట్టే మార్నింగ్ స్టార్ వచ్చింది, కొన్నాను, రెండ్రోజుల్లో మళ్ళీ కిందకే పోయింది. ఈ మూడింట్లో దేన్ని ఎక్కువ నమ్మొచ్చు?

జవాబు: ఏదీ ఎక్కువ కాదండీ, ఎందుకంటే చాలాసార్లు ఈ మూడూ ఒకటే. ఊరికే అనట్లేదు, ఒక లెక్క వేసి చూపిస్తాను, మీరూ కాగితం మీద గీసి చూడండి.

4 గంటల క్యాండిల్స్ మూడు అనుకోండి. మొదటిది 100 దగ్గర మొదలై 90 దగ్గర ముగిసింది, పెద్ద ఎర్ర క్యాండిల్. రెండోది 90 దగ్గర మొదలై 84 దాకా దిగి, మళ్ళీ లేచి 91 దగ్గర ముగిసింది, బాడీ చిన్నది. మూడోది 91 నుంచి 102 దాకా పోయి 101 దగ్గర ముగిసింది. చూడగానే మార్నింగ్ స్టార్ అంటారు, మూడో క్యాండిల్ మొదటిదాని సగం దాటింది కదా. ఇప్పుడు రెండోదీ మూడోదీ కలిపి ఒకే 8 గంటల క్యాండిల్‌గా చూడండి, 90 దగ్గర మొదలై 101 దగ్గర ముగిసింది, అంటే ముందున్న ఎర్ర బాడీని మొత్తం మింగేసింది, ఇది బుల్లిష్ ఎన్‌గల్ఫింగ్. మూడూ కలిపి 12 గంటల క్యాండిల్ చేస్తే 100 దగ్గర మొదలు, 101 దగ్గర ముగింపు, కింద 84 దాకా పొడుగాటి విక్, పైన దాదాపు ఏమీ లేదు, ఇది హామర్. రేటు ఒకటే, ట్రేడ్లూ అవే, మనం టైమ్‌ని ఎక్కడ కోశామన్నదాన్ని బట్టి పేరు మారింది అంతే. రోజు క్యాండిల్ చాలా ఎక్స్ఛేంజ్‌లలో యూటీసీ ప్రకారం రాత్రి 12కి ముగుస్తుంది, అదే ఆరు గంటలు అటో ఇటో ముగిసి ఉంటే మీరు చూసిన హామర్ చార్ట్ మీద ఉండకపోవచ్చు కూడా.

ఇంకోటి, ఈ ప్యాటర్న్‌లు రోజూ మూతపడి తెరిచే మార్కెట్‌ల కోసం పుట్టినవి. అక్కడ మధ్యలో గ్యాప్ వస్తుంది, మార్నింగ్ స్టార్‌లో మధ్య క్యాండిల్ విడిగా కిందకి పడి మొదలవ్వడం, ఎన్‌గల్ఫింగ్‌లో ముందు రోజు ముగింపు కంటే కింద మొదలై పైకి లేవడం, ఇలాంటి వాటికి అక్కడ బరువు ఉంటుంది. కాయిన్ మార్కెట్ మూతపడదు, కొత్త క్యాండిల్ దాదాపు పాతది ఆగిన రేటు దగ్గరే మొదలవుతుంది. దాంతో ఇక్కడ పచ్చ క్యాండిల్ ముందున్న ఎర్రదానికంటే కాస్త పెద్దదైతే చాలు ఎన్‌గల్ఫింగ్ అయిపోతుంది, అందుకే ఇక్కడ అవి ఇన్ని కనిపిస్తాయి.

మరి పై మూడు క్యాండిల్స్ చెప్పిన విషయం ఏంటంటే, రేటు 84కి పోయి 101కి తిరిగొచ్చింది, అంతే. డబ్బు పెట్టాలా వద్దా అనేది ఆ 84 ఎక్కడుంది, 101 పైన ఏముంది అన్నదాన్ని బట్టి.

మొదటి సీన్: కాయిన్ వారాలుగా 150 నుంచి పడుతూ వచ్చింది, రోజు చార్ట్‌లో ఇంతకుముందు రెండుసార్లు 85 దగ్గరే ఆగి లేచింది, అప్పుడు వాల్యూమ్ గట్టిగానే పడింది. అలాంటి చోట చాలామంది స్టాప్‌లాస్ 85కి కాస్త కింద పెట్టుకుంటారు. ఇప్పుడు రేటు 84కి దిగి వాళ్ళందర్నీ బయటకి తోసేసి, మామూలుకి రెండింతల వాల్యూమ్‌తో పైకి వచ్చింది, పైన 137 దాకా అడ్డు పెద్దగా లేదు. 101 దగ్గర కొని 83 దగ్గర స్టాప్ పెడితే పోయేది 18, వచ్చేది 36. ఇలాంటివి మూడింట్లో ఒకటి గెలిచినా మీ డబ్బు మీకు ఉంటుంది, ఫీజులు తప్ప.

రెండో సీన్: అవే క్యాండిల్స్, అవే అంకెలు, కానీ 84 దగ్గర పాత సపోర్ట్ ఏమీ లేదు, రోజు చార్ట్ కిందకే పోతోంది, పైగా పోయిన వారం బద్దలైన సపోర్ట్ 104 దగ్గరుంది. అక్కడ ఇరుక్కున్నవాళ్ళు కొన్న రేటు రాగానే అమ్ముకుని బయటపడదామని కూర్చుంటారు. ఇక్కడ మీకు వచ్చేది 3, పోయేది 18. ఏడుసార్లలో ఆరుసార్లు గెలిస్తేనే సమానం. ఏ ప్యాటర్న్ అంత బాగా పనిచేస్తుంది చెప్పండి. ఇదే హామర్ ఆకారం బాగా పెరిగాక పైన వస్తే దానికి హ్యాంగింగ్ మ్యాన్ అని పేరు పెట్టి పడబోతోందేమో అంటారు, గీత కూడా తేడా ఉండదు, ముందు జరిగింది వేరు అంతే. ఇక సైడ్‌వేస్‌లో మధ్యలో వచ్చినవైతే వదిలెయ్యండి.

కాయిన్స్‌లో ఆ పొడుగాటి విక్ ఎలా పుట్టిందో కూడా చూడాలి. ఫ్యూచర్స్‌లో లెవరేజ్ మీద కొన్నవాళ్ళ మార్జిన్ అయిపోతే ఎక్స్ఛేంజ్ వాళ్ళ పొజిషన్‌ని బలవంతంగా అమ్మేస్తుంది, ఆ అమ్మకంతో రేటు ఇంకా పడి కిందున్న ఇంకొకరిది కూడా అమ్ముడవుతుంది, అలా గొలుసుగా పోయి, బలవంతపు అమ్మకాలు ఆగగానే రేటు టక్కున వెనక్కి లేస్తుంది. చార్ట్ మీద అందమైన హామర్, కానీ కొత్తగా కొనేవాళ్ళు వచ్చారనుకోవడానికి లేదు, అమ్మేవాళ్ళు అయిపోయారు అంతే. ఆ క్యాండిల్‌లో ఓపెన్ ఇంట్రెస్ట్, అంటే ఇంకా మూయని ఫ్యూచర్స్ పొజిషన్‌ల మొత్తం, ఒక్కసారిగా పడి, తర్వాతి క్యాండిల్స్‌లో వాల్యూమ్ కూడా చచ్చిపోతే ఇదే కేసు అనుకోవచ్చు. చిన్న కాయిన్స్‌లో ఇంకా ఘోరం, ఆర్డర్ బుక్ పల్చగా ఉంటుంది కాబట్టి ఒకడు పెద్ద మార్కెట్ ఆర్డర్ కొట్టినా విక్ పడుతుంది. అదే కాయిన్ ఇంకో ఎక్స్ఛేంజ్‌లో తెరిచి చూడండి, అక్కడ ఆ విక్ లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. బిట్‌కాయిన్ కిందకి జారుతున్నప్పుడు చిన్న కాయిన్ మీద వచ్చిన బుల్లిష్ ప్యాటర్న్‌ని కూడా నేనైతే పట్టించుకోను, బిట్‌కాయిన్ ఇంకో మెట్టు దిగితే దాంతోపాటే పోయేవి ఎక్కువ.

డబ్బు ఎంత పెట్టాలనేది మీరు అడగలేదు గానీ నా పని అదే కాబట్టి చెప్తాను. ట్రేడింగ్ కోసం విడిగా పెట్టుకున్నది 1,000 డాలర్లు అనుకోండి, ఒక ట్రేడ్‌లో 1 శాతం, అంటే 10 డాలర్లు మాత్రమే పోనిస్తానని పెట్టుకుంటే, మొదటి సీన్‌లో ఒక్కో కాయిన్‌కి పోయేది 18 కాబట్టి సుమారు 0.55 కాయిన్ కొనాలి, అంటే 56 డాలర్ల దాకా. చాలామంది ఆకారం బాగుందని మొత్తం 1,000 పెట్టేస్తారు, అప్పుడు అదే స్టాప్ కొట్టినా దాదాపు 178 పోతాయి.

మీ పాత ట్రేడ్‌కి వద్దాం. ఆ మార్నింగ్ స్టార్ ఉన్న చార్ట్‌ని రోజు క్యాండిల్స్‌కి మార్చి, మీరు కొన్న రేటు మీద అడ్డగీత గీయండి, దాని పైన దగ్గర్లో పాత సపోర్ట్ బద్దలైన చోటు ఏదైనా ఉందేమో చూడండి. మూడో క్యాండిల్ ముగిసేదాకా ఆగారా, ఇంకా గంటో రెండు గంటలో ఉండగానే కొన్నారా అన్నది కూడా ఆర్డర్ హిస్టరీలో టైమ్ చూస్తే తెలిసిపోతుంది, ముగియకముందు అది ఇంకా మార్నింగ్ స్టార్ కాదు కదా. ఆ రెండూ, కొన్న రేటూ, స్టాప్ పెట్టిన రేటూ రాసి పంపండి, ఆ ట్రేడ్ అసలు ఎన్నిసార్లు గెలిస్తే గిట్టుబాటయ్యేదో లెక్క వేసి చెప్తాను.