లాంగ్ త్రో వస్తుందంటే ముందు నియర్ పోస్ట్ చూసుకో అబ్బయ్యా

అబ్బయ్యా, ఆదివారం కావలి గ్రౌండ్‌లో మీతో ఆడబోయే ఫుట్‌బాల్ టీమ్‌లో బాల్‌ని టచ్‌లైన్ నుంచి నేరుగా గోల్ ముందుకే విసిరేవాడు ఉన్నాడని చెప్పావు కదా. కార్నర్‌కి నిలబడినట్టే దీనికీ నిలబడితే దెబ్బతింటారు.

త్రో-ఇన్‌కి నేరుగా ఆఫ్‌సైడ్ లేదు. అందుకే వాళ్లు మీ గోలీ ముఖం మీదే మనిషిని పెడతారు, డిఫెన్స్ లైన్ ముందుకు జరిపి వాళ్లను బయటికి నెట్టే దారి మీకుండదు. 2008లో ఇంగ్లండ్ క్లబ్ స్టోక్ సిటీ తరఫున రోరీ డెలాప్ విసిరే బాల్ ఎత్తుగా లేవకుండా చదునుగా, వేగంగా వచ్చేది, గోలీకి బయటికొచ్చి పట్టుకునే టైమే ఉండేది కాదు. ఆ నవంబర్‌లో హల్ సిటీ గోలీ బోజ్ మైహిల్, త్రో ఇవ్వడం కన్నా నయమని, బాల్‌ని కావాలనే కార్నర్‌కి తన్నేశాడు.

ఇక మీ సంగతి. మీ కుడివైపు, కార్నర్ జెండాకి పది పన్నెండు మీటర్ల దూరంలో బాల్ బయటికెళ్లిందనుకో. విసిరేవాడు బాల్‌ని చొక్కాతో తుడుస్తూ వెనక్కి నడిచాడంటే లాంగ్ త్రోనే. వాళ్ల పొడుగోడు నియర్ పోస్ట్‌కి, అంటే విసిరేవాడికి దగ్గరున్న గోల్ స్తంభానికి, రెండు మూడు మీటర్లు ఇవతల నిలబడి, తలతో కొంచెం తాకించి వెనక్కి జార్చాలని చూస్తాడు. గోల్ వచ్చేది చాలాసార్లు ఆ రెండో టచ్ తర్వాతే. కాబట్టి వాడి ముందొకడు, వెనకొకడు ఉండాలి. ముందువాడు గెలవకపోయినా పర్లేదు, ఎగిరి వాడి తలకి బాల్ శుభ్రంగా తగలకుండా చేస్తే చాలు. వెనకవాడివి నువ్వే ఉండు, ఎందుకంటే జారిన బాల్‌ని ముందుగా చూసేది ఆ చోటునుంచే. చేత్తో విసిరిన బాల్‌లో కాలితో కొట్టినంత ఊపు ఉండదు, నిలబడి తల పెడితే నీ ముందే పడుతుంది, పరిగెత్తి వచ్చి ఎదురు కొట్టాలి. బాక్స్ అంచున ఒకడిని వదలకుండా ఉంచండి, మీరు తలతో తీసిన బాల్ సగంసార్లు అక్కడే పడుతుంది.

వాళ్లు బాల్‌ని తలతో తాకిన క్షణం నుంచి మాత్రం ఆఫ్‌సైడ్ మళ్లీ మొదలవుతుంది. చాలామంది డిఫెండర్లు ఇది మరిచి గోల్‌లైన్ మీదే అతుక్కుపోతారు. బాల్ బాక్స్ బయటికెళ్లగానే కేక వేసి అందరినీ ముందుకు లాగు.

గోలీకి ఒక మాట గట్టిగా చెప్పు: విసిరిన బాల్ ఎవరికీ తగలకుండా నేరుగా గోల్‌లోకి పోతుంటే చెయ్యి పెట్టొద్దు. అది గోల్ కాదు, మీకు గోల్ కిక్. వేలు తగిలి లోపలికెళ్తే మాత్రం గోలే.

విసిరేవాడి ఎదుట మీవాడొకడు ఉండాలి, రెండు మీటర్లు వదిలి. గెంతి చేతులూపితే ఎల్లో కార్డ్ వస్తుంది. మీవాడి పని, షార్ట్‌గా వేసి వెనక్కి తీసుకునే బాల్‌ని ఆపడమే.