ఉప్పు నీళ్ళ క్యారెట్ మీద తెల్ల పొర: ఉంచాలా, పారేయాలా?

ప్రశ్న: మాది ఒంగోలు. అరకిలో క్యారెట్ ముక్కల్లో లీటరు నీళ్ళు పోసి, రెండు టీస్పూన్ల సన్న ఉప్పు వేసి నాలుగు రోజులు పులియబెట్టాను. నీళ్ళు మబ్బుగా అయ్యాయి, పైన తెల్లటి పొర కట్టింది. తినొచ్చా? ఆ నీళ్ళు తాగొచ్చా?

నెల్లూరు ఎండల్లో ఏటా పెట్టుకునేదాన్ని కాబట్టి చెప్తున్నానండీ. నీళ్ళు మబ్బుగా ఉంటే భయం లేదు, పులుపు పుట్టించే బ్యాక్టీరియా పెరిగితే అలాగే అవుతాయి. తెల్ల పొర సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ ఉప్పు చూడండి.

సన్న ఉప్పు టీస్పూను దాదాపు 6 గ్రాములు. అంటే మీరు వేసింది 12 గ్రాములు. నీళ్ళూ ముక్కలూ కలిపి 1500 గ్రాములు. ఉప్పు ఒక శాతం కూడా లేదు. నీళ్ళొక్కటే లెక్కేస్తే చాలదు, ముక్కల్లోకీ ఉప్పు దిగుతుంది కదా. మూడు శాతమంటే మీ జాడీకి 45 గ్రాములు పడాలి. ఏప్రిల్, మే నెలల్లో నేను నాలుగు శాతం, అంటే 60 గ్రాములు వేస్తాను. ఇసకపల్లి వైపు దొరికే కల్లుప్పయినా మంచిదే. కానీ దాన్ని స్పూనుతో కొలవద్దు. గళ్ళు పెద్దవి, మధ్యలో ఖాళీ ఉంటుంది, స్పూనుకు తక్కువ పడుతుంది. చిన్న కాటా మీద తూచుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, వేసిన మొదటి ఒకటి రెండు రోజులూ నీళ్ళల్లో పులుపు పెద్దగా ఉండదు. ఆ సమయంలో చెడ్డ బ్యాక్టీరియాను అణిచి ఉంచేది ఉప్పే. ఉప్పును ఓర్చుకునే మంచి బ్యాక్టీరియా ఈలోగా పెరిగి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఆ తర్వాత కాపలా పులుపుది. ఉప్పు తక్కువై, ఎండ ఎక్కువైతే ముందు ఎవరు పెరుగుతారో చెప్పలేం. ఇప్పుడు ఉప్పు కలిపినా జరిగిపోయింది వెనక్కి రాదు.

పులుపు ఎంతుందో పీహెచ్ పేపరుతో చూడాలి. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ అంకె తగ్గుతుంది. 1 నుంచి 14 దాకా ఉండే పేపరు మనకు పనికిరాదు, 3 నుంచి 5 మధ్య తేడా చూపేది కొనండి. బీట్‌రూట్ వేస్తే ఆ రంగులో పేపరు రంగు తెలియదు, క్యారెట్‌కు ఆ ఇబ్బంది లేదు. మన ఎండలకు రెండు మూడు రోజుల్లో పీహెచ్ 4కి దిగిపోవాలి. నాలుగో రోజుకీ 4.6 పైనే ఉంటే రుచి కూడా చూడకుండా పారబోయండి. ఆ గీత దాటితే నరాలను పడగొట్టి ప్రాణం మీదికి తెచ్చే బొట్యులిజం విషం పుట్టే అవకాశం ఉంది, దాన్ని వాసనతో పసిగట్టలేం. కనిగిరి వైపు బోరు నీళ్ళయితే వాటిలోని క్షారం పులుపును కొంత తినేస్తుంది, క్యాను నీళ్ళు వాడటం మేలు.

ఇక పొర. పల్చగా, చదునుగా, పాల మీద మీగడలా ముడతలు పడి ఉంటే అది ఈస్టు. పీహెచ్ 4 లోపు ఉంటే పొర తీసేసి, జాడీని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయండి. వదిలేస్తే ఆ ఈస్టు పులుపునే తింటుంది, పీహెచ్ మళ్ళీ పైకి పోతుంది. అందుకే కొన్నాళ్ళకు ఇంకోసారి పేపరు ముంచాలి.

నూగు నూగుగా, దూదిలా పైకి లేచి, పచ్చగానో నల్లగానో గులాబీగానో ఉంటే బూజు. మా పక్కింటి పిన్ని జాడీలో పైకి తేలిన ఒక ముక్క మీద రూపాయి బిళ్ళంత పచ్చ మచ్చ కట్టింది. "దాన్ని తీసేస్తే కింద బాగానే ఉంటాయిలే అమ్మా" అంది. ఆ ముక్కను స్పూనుతో లేపి వెలుతురుకు పెట్టాం. మచ్చ కింద తెల్లటి దారాలు ముక్కలోకి దిగి ఉన్నాయి. జాడీ మొత్తం పారబోయించాను. ముక్క నీళ్ళ పైకి తేలకుండా గాజు గిన్నెతో నొక్కి పెడితే ఈ గొడవే రాదు.

నీళ్ళు జిగురుగా తీగ సాగినా, ముక్క వేళ్ళ మధ్య జారిపోయేంత మెత్తబడినా, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చినా అంతే. పీహెచ్ ఎంతున్నా పారేయడమే.

మీ జాడీ విషయానికొస్తే, పేపరు చేతిలో లేకపోతే ఉంచకండి. అరకిలో క్యారెట్టే కదా. గేదెలకు కూడా పోయకండి.

ఈసారి సరిగ్గా పెట్టాక ఆ నీళ్ళు తాగాలనుకుంటే గ్లాసులో పావు వంతు పోసి, మిగతా మంచినీళ్ళు కలుపుకోండి. మూడు శాతం ఉప్పంటే 100 మిల్లీలీటర్లలో 3 గ్రాములు. పెద్దవాళ్ళకు రోజంతటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపే. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళకు అసలు ఇవ్వకండి.