చెక్కు బౌన్స్ అయింది, పాలసీ మొదలే కాలేదంటున్నారు

ప్రశ్న: కారు బీమా మార్చి 5తో ముగుస్తుందని 4న ఏజెంటుకు రూ.14,200 చెక్కు ఇచ్చాను. అదే రోజు పాలసీ వచ్చింది. 13న ప్రమాదం జరిగింది. బైకు మీద వస్తున్న ఒకాయన కాలు విరిగింది, నా కారు రిపేరుకు రూ.86,000 అంటున్నారు. 20న కంపెనీ నుంచి ఉత్తరం: చెక్కు 9న వెనక్కి వచ్చిందట, అసలు పాలసీ మొదలు కానట్టేనట. ఇప్పుడు డబ్బు కడతానన్నా ఒప్పుకోవడం లేదు. నేనేం చేయాలి?

జవాబు: మీకు ఎదురైనవి రెండు వేర్వేరు సమస్యలు. మీ కారు రిపేరు ఒకటి, ఆ బైకు ఆయన పరిహారం మరొకటి. ఒకే పాలసీ కాగితం మీద ఈ రెండింటికీ చట్టం వేర్వేరు సమాధానాలు చెబుతుంది.

ముందు మీ కారు సంగతి. బీమా చట్టం, 1938లోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా కంపెనీ రిస్కు తీసుకోకూడదు. చెక్కు తీసుకుని పాలసీ ఇవ్వొచ్చు, కానీ ఆ చెక్కు డబ్బుగా మారాలి. చాలా పాలసీల్లో, చెక్కు చెల్లకపోతే ఇది మొదటి నుంచీ చెల్లదని ఒక వాక్యం ఉంటుంది. మీ పాలసీలోనూ వెతకండి. అందుకే కంపెనీ ‘రద్దు చేశాం’ అనకుండా ‘మొదలు కాలేదు’ అంటోంది. రద్దు చేస్తే, రద్దయిన రోజు వరకూ రక్షణ ఉన్నట్టు లెక్క. మొదలే కాకపోతే ఒక్క రోజు కూడా లేనట్టే.

దాదాపు మీలాంటి పరిస్థితే సీమా మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1993 డిసెంబరులో చెక్కు ఇచ్చి కారుకు బీమా తీసుకున్నారు. అదే నెలలో ప్రమాదం జరిగి యజమాని చనిపోయారు, కారు ధ్వంసమైంది. ఆ తర్వాత చెక్కు చెల్లలేదని తేలింది. ప్రీమియం అందలేదు కాబట్టి కారు నష్టం కంపెనీ చెల్లించక్కర్లేదని 2001లో తీర్పు వచ్చింది. ప్రమాదం నాటికి చెక్కు సంగతి ఎవరికీ తెలియదన్నది కూడా కుటుంబానికి అక్కరకు రాలేదు. మీ కేసులో చెక్కు ప్రమాదానికి ముందే తిరిగొచ్చింది, అంటే మీ పరిస్థితి ఇంకా బలహీనం. ఇప్పుడు కట్టే డబ్బు ఇక ముందు జరిగే వాటికే పనికొస్తుంది, 13వ తేదీకి పనికిరాదు.

అయినా బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో తెప్పించుకుని కారణం చూడండి. ఖాతాలో డబ్బు చాలకపోతే (ఈఎంఐ కోత పడి చాలాసార్లు ఇలాగే అవుతుంది) పోరాడటానికి పెద్దగా ఏమీ లేదు. డబ్బు సరిపడా ఉండి కూడా బ్యాంకు పొరపాటున తిప్పి పంపితే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఇక బైకు ఆయన సంగతి. ఇక్కడ మీకు నిజమైన అండ ఉంది. మూడో వ్యక్తికి మీకూ కంపెనీకీ మధ్య జరిగిన చెక్కు గొడవతో సంబంధం లేదు. 2012లో లక్ష్మమ్మ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: చెక్కు బౌన్సై పాలసీని రద్దు చేసినా, ఆ మాట ప్రమాదానికి ముందే యజమానికి చేరకపోతే, గాయపడినవారికి కంపెనీ పరిహారం ఇవ్వాల్సిందే. చేరి ఉంటే కథ మారుతుంది. మీకు ఉత్తరం 20న వచ్చింది, ప్రమాదం 13న. ఈ ఏడు రోజుల తేడాయే మీ కేసు.

కాబట్టి ఆ ఉత్తరం కవరు పారేయకండి. స్పీడ్ పోస్టు ట్రాకింగ్ ప్రింటు తీసి పెట్టండి. 13కి ముందు కంపెనీ నుంచి ఎస్‌ఎంఎస్ గానీ, మెయిల్ గానీ వచ్చిందేమో మీరే ముందు వెతకండి. వస్తే వాళ్లు దాన్నే చూపిస్తారు. ఏజెంటు ఫోన్ చేశాడా అన్నది కూడా గుర్తు తెచ్చుకోండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి నోటీసు వస్తే తప్పకుండా హాజరవ్వండి, పాలసీ కాపీతో పాటు ఈ ఉత్తరాన్ని కూడా లాయరుకు ఇవ్వండి. బౌన్స్ సంగతి దాచొద్దు, కంపెనీ ఎలాగూ చెబుతుంది. పరిహారం కట్టాక దాన్ని మీ దగ్గర వసూలు చేసుకోవాలని కంపెనీ అడగొచ్చు, దానికీ లాయరును సిద్ధంగా ఉండమనండి.

ఈలోగా కారు రోడ్డెక్కించొద్దు. వేరే పాలసీ తీసుకోండి. మధ్యలో ఖాళీ వచ్చింది కాబట్టి కారును తనిఖీ చేస్తారు, ఇప్పుడున్న సొట్టలు ఆ పాలసీలోకి రావు. పాత పాలసీ ముగిసిన 90 రోజుల్లోపు తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ నిలుస్తుంది. ఈసారి యూపీఐతో కట్టినా సరే, మీ ఖాతాలో డబ్బు తగ్గిందని ఊరుకోకుండా కంపెనీ పేరుతో వచ్చిన రసీదు చూసుకున్నాకే కారు బయటికి తీయండి.